‘కలవలేను’ కాదు, ‘కలవాలని లేదు’: చిన్న పరిచయాన్ని మెసేజ్‌తో ముగించే పద్ధతి

మొన్నీమధ్య ఒక ఆదివారం సాయంత్రం మా చెల్లెలి స్నేహితురాలు తన ఫోను నా చేతిలో పెట్టి, “అక్కా, ఇది పంపవచ్చా? ఒకసారి చూసి చెప్పండి” అంది. రోజంతా ఇతరుల వాక్యాలు దిద్దే ఉద్యోగం నాది. అందుకే పెళ్లి పత్రికల నుంచి రాజీనామా లేఖల దాకా అన్నీ మా ఇంటికే వస్తాయి. ఇలాంటి మెసేజ్‌లు కూడా చాలానే చూశాను.

ఆ అమ్మాయికి ఇరవై ఆరేళ్లు, విశాఖలోని మధురవాడలో ఉద్యోగం. అబ్బాయిది గాజువాక వైపు షిఫ్టుల డ్యూటీ. ఒక స్నేహితుల రిసెప్షన్‌లో పరిచయమయ్యారు. తొమ్మిది వారాల్లో ఆరుసార్లు కలిశారు. బీచ్ రోడ్డు మీద నడిచారు, కైలాసగిరి ఎక్కారు, సిరిపురంలో కాఫీ తాగారు, ఒక సినిమా చూశారు. ప్రేమ అనే మాట ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. ఇళ్లలో ఎవరికీ తెలియదు. అబ్బాయి మంచివాడే కానీ ఆమెకు ఆ ఇష్టం కలగలేదు. ఆ సంగతి నాలుగో కలయికకే తెలిసినా చెప్పడానికి నోరు రాలేదు. ఆమె రాసుకొచ్చింది ఇది:

“హాయ్. చాలా రోజుల నుంచి చెప్పాలనుకుంటున్నాను. ఈ మధ్య ఆఫీసులో పని బాగా ఎక్కువగా ఉంది. ఇంట్లో సంబంధాలు కూడా చూస్తున్నారు. ప్రస్తుతానికి మనం కలవలేమేమో అనిపిస్తోంది. నువ్వు చాలా మంచివాడివి. నీలాంటివాళ్లు దొరకడం కష్టం. నేనే నీకు తగను. సారీ, రియల్లీ సారీ. ఎప్పటికీ మంచి స్నేహితులుగా ఉందాం. ఏమీ అనుకోవద్దు.”

చదివి ఒకే ప్రశ్న అడిగాను. ఇది చదివిన మనిషి రేపు ఉదయం లేచి ఏం చేస్తాడు? ఆమె కాసేపు ఆలోచించి, “పని తగ్గాక చెప్పు, వెయిట్ చేస్తాను అంటాడేమో” అంది. అంటాడు మరి. ఆమె రాసింది అదే కదా.

ముందుగా, ఇది మెసేజ్‌తో చెప్పదగ్గ విషయమేనా?

పెళ్లి మాట ఒక్కసారైనా వచ్చి ఉంటే, ఇరువైపులా ఇళ్లలో తెలిసి ఉంటే, లేదా నెలల తరబడి రోజూ రాత్రి మాట్లాడుకునే అలవాటు ఉంటే, మెసేజ్ చాలదు. ఎదురుగా కూర్చునో, కనీసం ఫోనులోనో చెప్పాలి. ఈ మార్గదర్శి వాళ్ల కోసం కాదు. పదిసార్లు లోపు కలిసి, ఏ మాటా ఇచ్చిపుచ్చుకోని పరిచయానికి మాత్రం మెసేజ్ పిరికితనం కాదు. నా లెక్కలో కలిసి చెప్పడం కంటే అదే నయం.

ఎందుకో చెబుతాను. “ఒకసారి కలుద్దాం” అని ఈ అబ్బాయిని రుషికొండకు పిలిచారనుకోండి. డ్యూటీ దిగి, స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు బండి మీద వస్తాడు. దారి పొడవునా ఏదో మంచి మాటే ఊహించుకుంటాడు. పది నిమిషాల్లో విషయం విని, ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా నవ్వి, అదే ట్రాఫిక్‌లో ఎన్.ఏ.డి. కూడలి మీదుగా తిరిగి వెళ్లాలి. మెసేజ్ అయితే తన గదిలో, తన సమయంలో, ఎవరూ తన ముఖం చూడకుండా చదువుకుంటాడు.

కాకపోతే మెసేజ్‌కు ఒక గుణం ఉంది. నోటిమాట గాలికి పోతుంది, ఇది ఫోనులో ఉండిపోతుంది. పదిసార్లు చదువుతారు, దగ్గరి స్నేహితుడికి చూపించి “దీని అర్థం ఏమిటంటావు?” అని అడుగుతారు. అందుకే ప్రతి క్రియాపదం చివరా ఏముందో చూసుకోవాలి.

ఆశ దాక్కునే చోటు

తెలుగులో ‘కలవలేను’, ‘కలవను’, ‘కలవాలని లేదు’ అనే మూడూ పైకి ఒకటిగానే కనబడతాయి. చదివేవాడికి మాత్రం మూడూ మూడు వేర్వేరు కబుర్లు.

‘కలవలేను’ అంటే కలవాలని ఉంది, ఏదో అడ్డం వచ్చింది అని. ఇష్టపడే మనిషి అడ్డం గురించి వింటే తీసేయడానికి చూస్తాడు. పని ఎక్కువంటే “ఆదివారం నేనే మధురవాడ వస్తాను” అంటాడు. అది మొండితనం కాదు, మీ వాక్యం అడిగిన సాయమే చేస్తున్నాడు. ‘కలవను’ స్పష్టంగానే ఉంటుంది కానీ అందులో కోపం వినబడుతుంది. వెంటనే “నేనేం తప్పు చేశాను?” అనే ప్రశ్న వస్తుంది. ‘నాకు కలవాలని లేదు’ అన్నప్పుడు అడ్డమూ లేదు, కోపమూ లేదు. ఇష్టం లేదన్న సంగతి ఒక్కటే మిగులుతుంది.

ఆ వాక్యంలో ‘నాకు’ అన్న మాటను గమనించండి. ఆకలి, జ్వరం, నిద్ర, ఇష్టం, ఇవన్నీ తెలుగులో మనం చేసే పనులు కావు, మనకు కలిగేవి. ‘నాకు ఆకలి వేయలేదు’ అంటే వంట బాగాలేదని అర్థం కాదు. ‘నాకు ఆ ఇష్టం కలగలేదు’ అన్నప్పుడు కూడా ఎదుటి మనిషిలో లోపం వెతికినట్టు ఉండదు. భాష ఇంత సాయం చేస్తుంటే వాడుకోకుండా ‘మనకు కుదరదు’, ‘మన మధ్య సరిపడదు’ అని రాస్తాం. అతనికి కుదురుతోంది కదా! ‘మనం’ అనగానే అతని తరఫున కూడా మీరే తీర్పు చెప్పినట్టవుతుంది. అతను వాదనకు దిగితే ఆ తప్పు అతనిది కాదు.

ఇక ‘ప్రస్తుతానికి’, ‘కొంతకాలం’, ‘బహుశా’, చివర్లో ‘ఏమో’. మర్యాద కోసం వేస్తాం వీటిని. ఎన్నో ఏళ్ల కిందట నాకు కూడా ఒకరు ‘ప్రస్తుతానికి వద్దు’ అని రాశారు. ‘వద్దు’ను నేను చదవనే లేదు. ‘ప్రస్తుతానికి’ని మాత్రం నాలుగు నెలలు చదువుకున్నాను. ఆ నాలుగు నెలల్లో ఫోను మోగినప్పుడల్లా ప్రస్తుతం అయిపోయిందేమో అనుకునేదాన్ని. ఆ మాట రాసినవాళ్లకు నన్ను బాధపెట్టే ఉద్దేశం లేదని ఇప్పటికీ నమ్ముతాను.

అన్నిటికంటే చెడ్డది ‘ఇంట్లో ఒప్పుకోరు’. మన దగ్గర అందరికీ సులువుగా దొరికే సాకు ఇదే. అందరూ నమ్మేదీ ఇదే. కానీ దాని అసలు అర్థం ‘నాకు ఇష్టమే’ అని. విన్నవాడు మీ ఇంట్లోవాళ్లను ఒప్పించడం ఎలాగో ఆలోచిస్తాడు, ఎవరో పెద్దమనిషిని మధ్యవర్తిగా తెస్తాడు, ఉద్యోగం మారాలా అని లెక్కలు వేస్తాడు. పైగా విశాఖ పేరుకే మహానగరం. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో గంటసేపు నిలబడితే తెలిసినవాళ్లు ముగ్గురైనా ఎదురవుతారు. ఆఫీసు పని ఎక్కువన్న మనిషి ముంత మసాలా తింటూ కనబడితే ఎవరికి ఏం సమాధానం చెబుతారు?

ఆమె మెసేజ్‌లో నుంచి పని, సంబంధాలు, ప్రస్తుతానికి, లేమేమో, అన్నీ కొట్టేశాం. ‘ఎప్పటికీ స్నేహితులుగా ఉందాం’ దగ్గర ఆగింది. నిజంగానే ఉండాలనుందా అని అడిగాను. వచ్చే నెల అతను ఇంకో అమ్మాయి గురించి చెప్పడానికి ఫోను చేస్తే సంతోషంగా వింటావా? “అంత దగ్గరి స్నేహం కాదులే అక్కా” అంది. అయితే అదీ పోయింది.

కర్కశత్వం ఎక్కడి నుంచి వస్తుంది

ఇన్ని తీసేస్తే మెసేజ్ కర్కశంగా ఉండదా అని ఆమె భయం. చాలామంది మాట చిన్నదైతే మనసు లేనట్టు అనుకుంటారు. నేను చూసినంతలో కర్కశత్వం క్లుప్తత వల్ల రాదు, ఎవరికైనా పంపగలిగేలా రాయడం వల్ల వస్తుంది. ‘నువ్వు చాలా మంచివాడివి’ అనే వాక్యం పేరు మార్చి పదిమందికి పంపవచ్చు. ‘నీ జీవితంలో అన్ని శుభాలూ కలగాలని కోరుకుంటూ’ అంటే పదవీ విరమణ సభలో శాలువా కప్పినట్టుంటుంది. ‘ధన్యవాదాలు’ కూడా ఆ కోవలోదే. రెండు నెలలు ‘నువ్వు’ అని, ఈ ఒక్క మెసేజ్‌లో ‘మీరు’ అంటే ఇక చెప్పనవసరం లేదు, తలుపు వేసిన చప్పుడు వినబడుతుంది.

ఏం నచ్చిందో ఒక్కటి, కళ్లతో చూసింది చెప్పమన్నాను. చాలాసేపు ‘కేరింగ్’, ‘జెన్యూన్’ అంటూ తిరిగింది. చివరికి చెప్పింది. తెన్నేటి పార్కు దగ్గర, 2020లో బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆ చోటనే, ఇద్దరూ నడుస్తుంటే హఠాత్తుగా వాన పట్టుకుంది. అందరూ చెట్ల కిందకు పరిగెత్తారు. అతను మాత్రం వెనక్కి వెళ్లి, మొక్కజొన్న పొత్తులు కాల్చే ముసలమ్మ కుంపటి ఆరిపోకుండా తన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తడిసిపోయాడు.

ఇదే రాయమన్నాను. ఆ మాట అతనికి తప్ప ఇంకెవరికీ పంపలేరు. కాకపోతే రెండు జాగ్రత్తలు. జరిగిపోయిన పని గురించే రాయాలి, మీలో మిగిలిపోయిన భావం గురించి కాదు. ‘ఆ సాయంత్రం నాకు నచ్చింది’ వరకు సరే. ‘ఆ సాయంత్రం ఎప్పటికీ మర్చిపోలేను’ అంటే మళ్లీ ఆశే. రెండోది, ఒక్కటే చెప్పాలి. మూడు జ్ఞాపకాలు పేర్చి ‘కానీ’ అంటే, ఇంత నచ్చాక వద్దనడం ఏమిటని చదివేవాడు తల పట్టుకుంటాడు.

‘నేనే నీకు తగను’ అన్నదాన్ని ఎందుకు తీయించానంటే, ఆ మాటకు జవాబుగా అతను మిమ్మల్ని ఓదార్చాలి. దెబ్బ తిన్నది అతను, ఓదార్పు మీకా? సారీలు కూడా అంతే. తప్పు చేయనప్పుడు క్షమాపణ అడిగితే ‘పరవాలేదు’ అనే భారం అవతలివారి మీద పడుతుంది.

దిద్దాక మిగిలింది

పేరు ఉన్నచోట చుక్కలు పెట్టాను. తక్కినదంతా ఆమె పంపినట్టే ఉంది.

“హాయ్ ..., తీరిగ్గా చదువు. వెంటనే జవాబు ఇవ్వాల్సిన అవసరం లేదు.

ఈ రెండు నెలల్లో మనం కలిసిన సాయంత్రాలు బాగున్నాయి. ఆ రోజు వానలో నువ్వు ఆ అవ్వ కుంపటికి గొడుగు పట్టడం నాకు చాలా నచ్చింది. కానీ ఈ పరిచయాన్ని ముందుకు తీసుకెళ్లాలని నాకు లేదు. నాకు ఆ రకమైన ఇష్టం కలగలేదు. నువ్వు చేసిన పొరపాటు ఏమీ లేదు. బాగా ఆలోచించుకునే చెబుతున్నాను, ఇది మారే నిర్ణయం కాదు. నువ్వు ఎదురుచూస్తూ ఉండకూడదనే ఇప్పుడే చెబుతున్నాను.

నీ హెల్మెట్ నా దగ్గరుంది. శనివారం మన రిసెప్షన్ స్నేహితుల ఇంట్లో ఇస్తాను, నీకు వీలైనప్పుడు తీసుకో.”

ఫోను తెరమీద ఒక్కసారిగా కనబడేంత నిడివి ఉంటే చాలు. ‘మారే నిర్ణయం కాదు’ అన్న మాట ఆమెకు కటువుగా తోచి రెండుసార్లు తీసేయబోయింది. ఆ ఒక్కటీ ఉంటేనే మిగతా మెత్తని మాటలు మెత్తగా ఉండగలవని ఉంచమన్నాను. హెల్మెట్ వాక్యం కూడా అవసరమే. వస్తువు ఏదైనా మిగిలిపోతే అది ఇంకో కలయికకు సాకవుతుంది. పుస్తకం, ఛార్జర్, అప్పుగా తీసుకున్న మూడు వందలు, ఏదైనా సరే, ఎప్పుడు ఎక్కడ చేరుతుందో అదే మెసేజ్‌లో తేల్చేయాలి.

పంపే ముందు

చాట్ పెట్టెలో రాయకండి. ‘టైపింగ్’ అని అరగంట కనబడితే అవతలి మనిషి గుండె అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాడు. నోట్స్‌లో రాసి, ఒక రాత్రి ఉంచి, మర్నాడు అతికించండి. ఒకే మెసేజ్‌గా పంపండి. ‘ఒక విషయం చెప్పాలి’ అని ముందుగా ఒకటి వదిలి, ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా పంపడం హింస.

మొదటి వాక్యాన్ని మామూలుగా ఎందుకు పెట్టామో కూడా చెప్పాలి. మన ఇళ్లలో ఫోను డైనింగ్ టేబుల్ మీద పడి ఉంటుంది. మెసేజ్ రాగానే తాళం వేసిన తెర మీద మొదటి లైను వెలుగుతుంది. పక్కనే కూరగాయలు తరుగుతున్న అమ్మకు కనబడే ఆ లైను ‘హాయ్, తీరిగ్గా చదువు’ అయితే ఇబ్బంది లేదు.

మీరిద్దరూ ఇన్నాళ్లూ తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటూ ఉంటే ఇదీ అలాగే రాయండి. హఠాత్తుగా తెలుగు లిపిలోకి మారితే శుభలేఖో నోటీసో వచ్చినట్టుంటుంది. దండం పెట్టే బొమ్మ వద్దు, అది ‘ఇక చాలు’ అన్నట్టుంటుంది. వాయిస్ మెసేజ్ అసలే వద్దు. గొంతులో వణుకును పదేపదే విని దానికి కొత్త అర్థాలు చెప్పుకుంటారు.

వేళ విషయంలో ఆమె కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. ఆ వారం అతనికి నైట్ షిఫ్టు. సాయంత్రం పంపితే ఆ మనసుతోనే రాత్రంతా డ్యూటీ చేయాలి. తెల్లవారి పంపితే బండి మీద ఉంటాడు. చివరికి వారాంతపు సెలవు రోజున, పదకొండు గంటలకు, నిద్ర లేచే వేళకు పంపింది. పుట్టినరోజు, పండగ, పరీక్ష ముందు రోజు తప్పిస్తే చాలు. సరైన ముహూర్తం కోసం నెలలు ఆగకండి.

పంపాక తప్పు కనబడితే వాట్సాప్‌లో పదిహేను నిమిషాల వరకు దిద్దుకోవచ్చు. కానీ దిద్దినట్టు గుర్తు పడుతుంది. అందరికీ కనబడకుండా తొలగించడానికి రెండు రోజులకు పైగా గడువు ఉన్నా, తొలగించిన గుర్తు మిగిలిపోతుంది. ఈ మెసేజ్ విషయంలో ఆ గుర్తు కంటే అక్షర దోషమే మేలు.

జవాబు వచ్చాక

నలభై నిమిషాలకు జవాబు వచ్చింది. “సరే. కారణం తెలుసుకోవచ్చా? నేను మార్చుకోవాల్సింది ఏమైనా ఉందా?”

ఈ ప్రశ్నకు ఒక్కసారి జవాబు ఇవ్వాలి. ఒక్కసారే. లోపాల జాబితా ఇస్తే అది దిద్దుకుని వస్తాననే అర్థం తీసుకుంటాడు. ఆమె ఇలా రాసింది: “నువ్వు మార్చుకోవాల్సింది ఏమీ లేదు. కారణం కోసం వెతికి ఏదో ఒకటి చెబితే అది అబద్ధమే అవుతుంది. ఇక మీదట నేను జవాబు ఇవ్వకపోతే కోపంతో అని అనుకోవద్దు.” ఆ చివరి వాక్యం ముఖ్యం. ముందే చెప్పిన మౌనం వేరు, చెప్పకుండా మాయమవడం వేరు.

నాలుగో రోజున పూల బొమ్మతో శుభోదయం వచ్చింది. ఆమె మనసు కరిగింది, “ఒక్క స్మైలీ పెడితే ఏమవుతుంది?” అంది. ఎప్పుడో ఒకసారి, ఊహించని వేళ దొరికే ఫలితమే అలవాటును అన్నిటికంటే గట్టిగా నిలబెడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. పొడిచిన ప్రతిసారీ గింజ పడి, ఆ తర్వాత ఆగిపోతే పావురం త్వరగానే పొడవడం మానేస్తుంది. అప్పుడప్పుడు పడి ఆగిపోతే చాలాకాలం పొడుస్తూనే ఉంటుంది. ఆ స్మైలీ అలాంటి గింజే. ఆమె పెట్టలేదు. మళ్లీ రాలేదు.

‘చివరిసారిగా ఒక్కసారి కలుద్దాం’ అంటే “వద్దు, చెప్పాల్సింది చెప్పేశాను” చాలు. తిట్లు వస్తే జవాబు ఇవ్వకుండా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ‘నువ్వు లేకపోతే చచ్చిపోతాను’ అంటే దాన్ని మీ ఒక్కరి నెత్తిన వేసుకోవద్దు, తిరిగి ప్రేమ మాటలతో సర్దనూ వద్దు. అతని ఇంట్లోవాళ్లకో దగ్గరి స్నేహితుడికో వెంటనే చెప్పండి. మానసిక సాయం కోసం 14416కు, ప్రాణాపాయం ఉందనిపిస్తే 112కు ఫోను చేయవచ్చు.

అమ్మాయిలు తెలుసుకోవాల్సినది ఇంకొకటి ఉంది. ఇష్టం లేదని స్త్రీ స్పష్టంగా తెలియజేశాక కూడా పరిచయం పెంచుకోవాలని ఒక మగవాడు పదేపదే వెంటపడటం, సంప్రదించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ‘ప్రస్తుతానికి కలవలేనేమో’ అన్న మెసేజ్ ఆ స్పష్టతకు సాక్ష్యంగా నిలవడం కష్టం. ‘ముందుకు తీసుకెళ్లాలని నాకు లేదు’ అన్నది నిలుస్తుంది. ఈ అబ్బాయితో ఆ అవసరం రాలేదు. అవతల బెదిరించే మనిషి ఉంటే గొడుగు జ్ఞాపకాలు, మెత్తని మాటలు ఏవీ అక్కర్లేదు. ఒక్క వాక్యం రాసి, బ్లాక్ చేసి, నమ్మకమైనవాళ్లకు చెప్పండి.

ఆ తర్వాత పనులు చిన్నవే. మీ స్టేటస్ అతనికి కనబడకుండా పెట్టుకోండి. అతని స్టేటస్ మీరు చూడకండి, చూసినవాళ్ల జాబితాలో మీ పేరు కనబడుతుంది. ఉమ్మడి స్నేహితులు అడిగితే అతనికి చెప్పిన మాటే చెప్పండి. అతని జవాబును మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయవద్దు. బీచ్ రోడ్డు మీద ఎదురైతే తల ఊపి, నడక ఆపకుండా వెళ్లిపోండి.

శుక్రవారం రాత్రి ఆ అమ్మాయి మళ్లీ ఫోను చేసింది. హెల్మెట్‌లో ఒక చాక్లెట్ పెట్టి ఇవ్వనా అని అడిగింది. వద్దన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత హెల్మెట్ తుడిచి, అద్దం మీద గీతలు పడకుండా పాత చున్నీలో చుట్టబోయి, మళ్లీ ఆలోచించి న్యూస్ పేపర్‌లో చుట్టి ఇచ్చివచ్చిందట.